నెల రోజుల డిస్క్‌లో తొమ్మిది రోజులే

మా అపార్ట్‌మెంట్ సెల్లారులోంచి ఓ బైకు పోయింది. మూడో అంతస్తు కుర్రాడిది. సెలవులకని ఊరెళ్లి పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే బండి ఉండాల్సిన చోట నూనె మరక మాత్రం ఉంది. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. "సారే తీసుకెళ్లాడేమో అనుకున్నా" అన్నాడు వాచ్‌మన్. "కెమెరాలు ఉన్నాయి కదా అంకుల్, చూసేద్దాం" అన్నాడు కుర్రాడు. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి రికార్డర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. ఇద్దరం కూర్చుని రోజురోజుకీ వెనక్కి వెళ్లాం. తొమ్మిదో రోజు దగ్గర రికార్డింగ్ ఆగిపోయింది. ఆ తొమ్మిదో రోజు మొదటి నిమిషానికే బండి స్థలం ఖాళీగా ఉంది.

కెమెరాలు పెట్టిన అబ్బాయికి ఫోన్ చేశాను. అప్పట్లో "నెల రోజులు వస్తుంది సార్" అని చెప్పింది అతనే. "డిస్క్ బాగానే ఉంది సార్, నిండితే పాతది దానంతటదే చెరుపుకుంటుంది" అన్నాడు. నిజమే, అది రికార్డర్ ధర్మం. డిస్క్ నిండగానే అన్నిటికన్నా పాత రికార్డింగ్ మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. ఆగదు, అరవదు, తెర మీద ఎర్ర దీపమూ వెలగదు. అందుకే నెల రోజులు తొమ్మిది రోజులైన సంగతి అవసరం పడేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. ఆ లెక్క డిస్క్ కొనేముందు పది నిమిషాల్లో వేసుకోవాల్సింది.

గాదె ఎంత కట్టాలో తేల్చాలంటే రోజుకు ఎన్ని బస్తాలు వస్తాయో తెలియాలి. కెమెరా విషయంలో ఆ బస్తాల లెక్క పేరు బిట్‌రేట్. కెమెరా నుంచి రికార్డర్‌కు సెకనుకు ఎన్ని బిట్లు వస్తున్నాయో చెప్పే అంకె అది. రికార్డర్ సెట్టింగుల్లో ప్రతి కెమెరాకూ విడిగా కనిపిస్తుంది. సాధారణంగా Max. Bitrate అని ఉండి, పక్కన 2048, 4096, 6144 లాంటి అంకె ఉంటుంది. ఆ అంకె సెకనుకు కిలోబిట్లు. వెయ్యితో భాగిస్తే మెగాబిట్లు, అంటే 2048 అని ఉంటే రెండు మెగాబిట్లన్నమాట.

బిట్లు వేరు, బైట్లు వేరు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కెమెరా వాళ్లు బిట్లలో మాట్లాడతారు, డిస్క్ అమ్మేవాళ్లు బైట్లలో మాట్లాడతారు. ఈ రెంటినీ కలిపేస్తే లెక్క ఎనిమిది రెట్లు తప్పుతుంది. రోజుకు 86,400 సెకన్లు. ఒక మెగాబిట్ ధార రోజంతా ఆగకుండా వస్తే 86,400 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 10,800 మెగాబైట్లు, అంటే 10.8 గిగాబైట్లు. 2048లో ఉన్న ఆ చిల్లర 48ని కూడా కలుపుకుంటే దాదాపు 11 అవుతుంది. నేను 11నే గుర్తు పెట్టుకున్నాను. ఒక మెగాబిట్, ఒక రోజు, 11 జీబీ. మిగతాదంతా గుణకారమే.

```
మొత్తం Mbps × 11 × రోజులు = కావాల్సిన GB
```

ఈ సూత్రంలో ఒకటి లేదు, గమనించారా? మెగాపిక్సెళ్లు. కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది, దుకాణదారు మొట్టమొదట చెప్పేది, మనం వంద రూపాయలు ఎక్కువిచ్చి కొనేది ఆ అంకెనే. డిస్క్‌కు మాత్రం దానితో నేరుగా పని లేదు. 5 మెగాపిక్సెల్ కెమెరాను రెండు మెగాబిట్ల దగ్గర పెడితే, 2 మెగాపిక్సెల్ కెమెరా రెండు మెగాబిట్లకు తీసుకున్నంత చోటే తీసుకుంటుంది. అంగుళం ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. తేడా బొమ్మలో కనిపిస్తుంది.

2 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం ఇరవై లక్షల పైచిలుకు. సెకనుకు 25 బొమ్మల చొప్పున వాటిని ఏ నొక్కుడూ లేకుండా పంపాలంటే ఆరువందల మెగాబిట్ల పైనే కావాలి. మనం దానికి ఇస్తున్నది రెండు. అంటే కెమెరా లోపలి చిప్ ఆ బొమ్మను మూడువందల రెట్లు కుదిస్తోంది. అదెలా సాధ్యమంటే, ఖాళీ మెట్లను చూపే కెమెరాలో ఒక క్షణానికీ మరో క్షణానికీ మారేది దాదాపు ఏమీ ఉండదు. చిప్ అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ పంపి, మధ్యలో మారిన చోట్ల సంగతి మాత్రమే చెబుతుంది. ఇప్పుడు అదే రెండు మెగాబిట్లలో 5 మెగాపిక్సెళ్లు సర్దమంటే రెండున్నర రెట్ల చుక్కలకు అంతే చోటు. కదలిక లేనంతసేపూ బాగానే ఉంటుంది. మనిషి పరుగెత్తాడో, మొహం చదరాలు చదరాలుగా చెదిరిపోతుంది. పెద్ద మెగాపిక్సెల్‌కు పెద్ద బిట్‌రేట్ ఇవ్వాలనేది అందుకే. కానీ ఇచ్చేది మనం. ఇన్‌స్టాల్ చేసిన రోజు కెమెరాలో ఏ అంకె ఉంటే అదే నడుస్తూ ఉంటుంది.

మా లెక్కకు వద్దాం. మొదట పెట్టినవి 2 మెగాపిక్సెల్ కెమెరాలు ఎనిమిది, ఒక్కోటి రెండు మెగాబిట్లు. మొత్తం 16 మెగాబిట్లు, రోజుకు 176 జీబీ. డిస్క్ 4 టెరాబైట్లు, అంటే 4,000 జీబీ. భాగిస్తే 22 రోజుల పైన కొంచెం. "నెల రోజులు" అన్న మాట ఆ రోజే ఎనిమిది రోజులు తక్కువన్నమాట. రెండేళ్ల తర్వాత గేటుకు, ర్యాంపుకు, సెల్లారుకు కలిపి నాలుగు 5 మెగాపిక్సెల్ కెమెరాలు కొన్నాం. అవి వచ్చిన సెట్టింగ్ 6144. అంటే ఒక్కోటి ఆరు చొప్పున 24 మెగాబిట్లు. నాలుగు కెమెరాలు కలిసి పాత ఎనిమిదిటికన్నా ఎక్కువ తింటున్నాయి. మొత్తం 40 మెగాబిట్లు, రోజుకు 440 జీబీ. నాలుగు వేలను 440తో భాగిస్తే తొమ్మిది. తెర మీద కనిపించింది సరిగ్గా అదే. డిస్క్ చెడిపోలేదు, ఎవరూ మోసం చేయలేదు. కెమెరాలు కొన్న రోజున జనరల్ బాడీలో రంగు గురించి, వైరు గోడ బయట నుంచా లోపల నుంచా అన్నదాని గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. రోజుల గురించి ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. రికార్డర్ తెర మీద మా 4 టెరాబైట్ల డిస్క్ 3,725 జీబీ అని కనిపిస్తుంది. దుకాణదారు తగ్గించి ఇచ్చాడని కొందరు గొడవకు దిగుతారు కూడా. డిస్క్ తయారీదారు గిగాబైట్‌ను వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. రికార్డర్ 1024ను మూడుసార్లు గుణించిన పెద్ద కొలత వాడుతుంది. శేరు పెద్దదైతే శేర్లు తగ్గుతాయి, బియ్యం తగ్గవు. పైన చెప్పిన 11 అనే అంకె డిస్క్ లేబుల్ కొలతకు సరిపోతుంది కాబట్టి లేబుల్ మీద ఉన్నదాన్నే భాగించండి. తెర మీది అంకెను భాగిస్తే ఏడు శాతం తక్కువ రోజులు చూపిస్తుంది.

మరి ఎన్ని రోజులు కావాలి? 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం పెద్ద సంఖ్యలో చేరే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాలంటుంది. మన వైపు ఎవరినడిగినా "నెల రోజులు" అనడం వెనక ఆ చట్టం ప్రభావం కొంత ఉంది. బ్యాంకుల లాకర్ గదుల దారి మీద ఉండే కెమెరాలకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు 180 రోజులు. అపార్ట్‌మెంటుకు నా మట్టుకు నాకు 30 సరైన అంకె అనిపిస్తుంది. మనవాళ్లు పండక్కి ఊరెళ్తే వారం, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తే నెలలు. రెండోవాళ్ల కోసం డిస్క్ కొనలేం, మొదటివాళ్ల కోసం కొనగలం.

ఉన్న సెట్టింగులతోనే 30 రోజులు కావాలంటే 440ని 30తో గుణించాలి, 13,200 జీబీ. పదమూడు టెరాబైట్ల పైమాట. మా రికార్డర్‌లో ఒక్క డిస్క్‌కే చోటుంది, అదీ 8 టెరాబైట్ల వరకే తీసుకుంటుందని మాన్యువల్‌లో ఉంది. ఈ పరిమితి కొనేముందు చూసుకోవాలి. డిస్క్ సందూ, ఒక్కో సందు మోయగల పరిమాణమూ రికార్డర్‌కు పుట్టుకతో వచ్చినవి, తర్వాత పెంచలేం. కాబట్టి గాదె పెంచడం కన్నా బస్తాలు తగ్గించడమే మాకు దారి.

అందుకు ఉన్న సాధనాల్లో పెద్దది కుదింపు పద్ధతి. సెట్టింగుల్లో H.264, H.265 అని రెండు ఉంటాయి. మొదటిది 2003 నాటిది, రెండోది 2013లో వచ్చింది. అదే నాణ్యతకు రెండోదానికి దాదాపు సగం బిట్లు చాలు. సగమన్నది మంచి వెలుతురులో మాట, చీకట్లో అంత లాభం ఉండదు. కెమెరా, రికార్డర్ రెండూ దాన్ని అర్థం చేసుకోగలగాలి. మా కెమెరాలు పన్నెండింటికీ ఆ శక్తి ఉంది. పెట్టిన రోజు నుంచీ అన్నీ H.264 మీదే నడుస్తున్నాయి! మార్చినప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. H.265 అని ఎంచుకుని బిట్‌రేట్ అంకెను అలాగే వదిలేస్తే డిస్క్‌కు పైసా మిగలదు. Bitrate Type దగ్గర Constant అని ఉంటే కెమెరా ఆ అంకెను ఎలాగైనా నింపుతుంది, ఖాళీ గోడను చూస్తున్నా సరే. సెకనుకు ఫ్రేములు 25 నుంచి 15కి తగ్గించినా అంతే. బిట్‌రేట్ మార్చకపోతే ఒక్కో ఫ్రేము కాస్త బాగుపడుతుంది తప్ప రోజులు పెరగవు. చాలామంది ఫ్రేములు తగ్గించి, రోజులు పెరగలేదేమని తల గోక్కుంటారు. మెగాపిక్సెళ్లు తగ్గించినా ఫలితం ఇదే.

మేం చేసిందిది. పన్నెండింటినీ H.265కి మార్చి, ఫ్రేములు 15 చేసి, పాత ఎనిమిదిటికి ఒక్కో మెగాబిట్ ఇచ్చాం. కొత్త నాలుగింటికి మూడేసి ఇద్దామనుకుని గేటు కెమెరా దగ్గర పరీక్షించాం. రాత్రి పదకొండింటికి వాచ్‌మన్‌ను గేటు నుంచి లిఫ్టు దాకా గబగబా నడవమని, ఆ రికార్డింగ్‌ను ఆపి ఆపి చూశాం. మూడు దగ్గర మీసం ఉందో లేదో తెలియడం లేదు. నాలుగు చేస్తే తెలిసింది. అందుకని గేటుకూ ర్యాంపుకూ నాలుగేసి, సెల్లారు రెండింటికీ రెండేసి ఇచ్చాం. అన్ని కెమెరాలకూ ఒకే అంకె ఇవ్వడం సులువు, కానీ మొహం పట్టుకోవాల్సిన కెమెరాకూ మనిషి వెళ్లాడా లేదా అన్నంత వరకే చెప్పాల్సిన కెమెరాకూ ఒకే కూలి ఎందుకు? కొత్త మొత్తం ఎనిమిదీ పన్నెండూ కలిపి 20 మెగాబిట్లు. రోజుకు 220 జీబీ, 30 రోజులకు 6,600. ఎనిమిది టెరాబైట్ల డిస్క్‌కు 36 రోజులు వస్తాయి. ఆ పైఆరు రోజులు నేను కావాలనే వదిలాను. లెక్కను అంచుదాకా కోస్తే ఒక్క కెమెరా కలిపినా నెల దాటదు.

Bitrate Type ను కూడా Constant నుంచి Variable కి మార్చాం. అప్పుడు రాసిన అంకె పైకప్పు మాత్రమే, కెమెరా అవసరాన్ని బట్టి దాని కింద తిరుగుతుంది. పైకప్పుతో వేసిన లెక్క కనీస రోజులు చెబుతుంది. అసలు ఖర్చు ఎంతో తెలియాలంటే కొలవాలి. ఒక కెమెరా నుంచి ఒక గంట రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఫైలు సైజు చూడండి. ఒక మెగాబిట్ ధార గంటకు 450 మెగాబైట్లు నింపుతుంది, దాంతో పోల్చుకోవచ్చు. డాబా మెట్ల కెమెరాది మధ్యాహ్నం రెండింటి గంట తీస్తే 130 ఎంబీ వచ్చింది. రాత్రి రెండింటి గంట తీస్తే 390. పగలు పిల్లలు ఎక్కి దిగుతున్న మెట్లకన్నా రాత్రి ఖాళీ మెట్లు మూడు రెట్లు తింటున్నాయి!

వింతగా ఉన్నా కారణం సాదాసీదాది. చీకట్లో కెమెరా తన చూపును బలవంతంగా పెంచుకుంటుంది. పెంచిన కొద్దీ బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు రేణువులు కదులుతాయి, ఒక ఫ్రేములో ఉన్నచోట మరో ఫ్రేములో ఉండవు. కుదించే చిప్‌కు అది ఇసుకో మనిషో తెలియదు, అంతా కదలికే అనుకుని అంతటినీ పంపుతుంది. ఆ మెట్ల దగ్గర ఒక చిన్న ఎల్ఈడీ బల్బు రాత్రంతా వేసి ఉంచితే మళ్లీ 200కు దిగింది. కరెంటు బిల్లుకు అది పెద్ద భారం కాదు, బొమ్మ కూడా తేటపడింది.

కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసే పద్ధతి సంగతేమిటని మేష్టారు ఒకాయన అడిగారు. రోజులు రెండు మూడు రెట్లు పెరుగుతాయని ఆయనకు ఎవరో చెప్పారట. డాబా మీద పెరగొచ్చు. రోడ్డు వైపు చూసే గేటు కెమెరాకు ఆటో పోయినా కదలికే, వేపకొమ్మ ఊగినా కదలికే, అది పగలంతా రికార్డ్ చేస్తూనే ఉంటుంది. పైగా సెల్లారు చీకటి మూలలో నల్లచొక్కా మనిషి మెల్లగా వంగి నడిస్తే కెమెరా పట్టించుకోకపోవచ్చు. అప్పుడు రికార్డింగులో ఉండేది ఖాళీ. ఏమీ జరగలేదని ఖాళీయా, కెమెరా చూడలేదని ఖాళీయా? చెప్పలేం. కోర్టు దాకా వెళ్లే వ్యవహారంలో ఈ ప్రశ్నకు జవాబు లేకపోవడం చెడ్డది. అందుకే గేటు, ర్యాంపు, సెల్లారు నిరంతరం రికార్డ్ అవుతాయి. అసలు మా లెక్క మొత్తం నిరంతర రికార్డింగ్ మీదే వేశాను.

ఇదే గుణకారాన్ని పెద్ద చోట పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ కెమెరాలు ఉండాలని ఆదేశించింది. లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, రిసెప్షన్, ప్రవేశ నిర్గమ ద్వారాలు ఒక్కటీ వదలకూడదని, శబ్దం కూడా రికార్డ్ కావాలని చెప్పింది. దాచాల్సిన గడువు 18 నెలలు. ఆ గదులన్నీ లెక్కేస్తే ఓ మాదిరి స్టేషన్‌కు 14 కెమెరాలు అనుకుందాం. తలా రెండు మెగాబిట్లు ఇస్తే రోజుకు 308 జీబీ. 18 నెలలంటే సుమారు 548 రోజులు. గుణిస్తే దాదాపు 169 టెరాబైట్లు! శబ్దాన్ని ఈ లెక్కలో వదిలేశాను, అది వీడియో ముందు చిల్లర. మామూలు రికార్డర్‌లో రెండు 8 టెరాబైట్ల డిస్కులు పెడితే 52 రోజులకే నిండుతాయి. H.265తో సగానికి దించినా 84 టెరాబైట్లు, అంటే వరసగా పదకొండు డిస్కులు. అన్ని డిస్కులున్న చోట ఏదో ఒకటి పోతూనే ఉంటుంది కాబట్టి, పోయినా రికార్డింగ్ మిగలడానికి ఒకటో రెండో అదనం కావాలి. బజారులో అంత శక్తి ఉన్న పరికరాలు దొరకకపోతే దొరికినవాటిలో గరిష్ఠమైనవి కొనాలని, ఏడాదికి మాత్రం తగ్గకూడదని కోర్టు అదే తీర్పులో ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. ఈ గుణకారం చేసి చూస్తే ఆ వెసులుబాటు ఎందుకు అవసరమైందో తెలుస్తుంది.

మా సంగతికి వస్తే, కొత్త డిస్క్ పెట్టాక కూడా ఓపిక పట్టాల్సి వచ్చింది. సెట్టింగ్ మార్చిన మర్నాడే 36 రోజులు కనిపించవు, రోజుకొకటి చొప్పున పోగవుతాయి. పాత డిస్క్‌ను చెరపకుండా కవర్లో పెట్టి, తేదీలు రాసి, పోలీసులు అడిగితే ఇవ్వడానికి బీరువాలో ఉంచాను. నెల గడిచాక రికార్డర్‌లో అన్నిటికన్నా పాత తేదీ ఏదో చూశాను. ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖున, మెయింటెనెన్స్ రసీదులు రాసే ముందు, ఆ తేదీ చూసి నోటు పుస్తకంలో వేస్తాను. బిట్‌రేట్ ఎంత పెట్టినా, లెక్క ఎంత బాగా వేసినా, రికార్డర్ నిజంగా ఎన్ని రోజులు దాస్తోందో చెప్పేది ఆ ఒక్క తేదీయే.

మే నెలలో 43 రోజులు ఉండేది. జులైలో 39కి దిగింది. 36కి పైనే ఉంది కాబట్టి కంగారు లేదు, కానీ నాలుగు రోజులు ఎక్కడికి పోయాయో చూద్దామని కెమెరా వారీగా రాత్రి గంటల ఫైళ్లు తీశాను. ర్యాంపు కెమెరా పైకప్పును తాకుతోంది. వానచుక్కలు కొంత కారణం. మిగతాది లెన్సు ముందు అల్లుకున్న సాలెగూడు. కెమెరా చుట్టూ ఉండే కనపడని ఎర్రదీపాలకు పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడొస్తుంది, గూడు ఊగినప్పుడల్లా తెర సగం తెల్లగా మెరుస్తుంది. వాచ్‌మన్ పొడుగు కర్రకు గుడ్డ చుట్టి దులిపాడు. ఆగస్టు ఒకటిన 41.